పొడి తెచ్చిపెట్టే మలబద్ధకం

రాత్రి భోజనమయ్యాక గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు చూర్ణం కలుపుకుని తాగి పడుకోవడం మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళకు ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. పొద్దున్నే సాఫీగా విరేచనమైతే ఆ రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బీపీ బిళ్ళ పేరు చెబుతారు, షుగరు బిళ్ళ పేరు చెబుతారు. పొడి సంగతి మాత్రం నోటికి రాదు. వాము, ఇంగువ, శొంఠిలాగా అదీ వంటింటి సరుకే అనుకుంటారు.

చాలా పొడుల్లో ఉన్నవి నిజంగా వంటింటి సరుకులే. కానీ వాటి పక్కనే ఒకటి రెండు అసలైన మందులు కూడా ఉంటాయి. వాటిని ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో, కొన్ని రకాల బిళ్ళలతో కలిపి వాడితే వచ్చే ఇబ్బంది అచ్చం మలబద్ధకంలాగే, కడుపు ఉబ్బరంలాగే కనిపిస్తుంది. అందుకే మనిషికి పొడి మీద అనుమానం రాదు, ఇంకో అర చెంచా పెంచుతాడు. ఈ చిక్కుముడి ఎలా పడుతుందో తెలిస్తే, ఏ దినుసును చూసి జాగ్రత్తపడాలో, డాక్టరుకు ఏం చెప్పాలో వాటంతటవే తెలుస్తాయి.

చెంచాలో ఏముంది

పంచసకార చూర్ణాన్ని తీసుకుందాం. మలబద్ధకానికి బాగా వాడుకలో ఉన్న పొడి ఇది. ఇందులో శొంఠి, కరక్కాయ, సోపు, సైంధవ లవణం, సునాముఖి ఆకు అని అయిదు దినుసులుంటాయి. సునాముఖినే నేలతంగేడు అని కూడా అంటారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు దీనికి దగ్గరి చుట్టమే అయినా వేరే మొక్క. మందుకు వాడే సునాముఖిని తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో ఎంతోకాలంగా సాగు చేస్తున్నారు. ప్రపంచ మార్కెట్లో ఆ ఊరి పేరుతోనే అది అమ్ముడవుతుంది.

అయిదూ సమపాళ్ళలో కలిపారనుకుంటే ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాముల పొడిలో ఒక గ్రాము సునాముఖి, ఒక గ్రాము ఉప్పు ఉంటాయి. మంచి ఆకులో నూటికి రెండున్నర వంతులు సెన్నోసైడ్లు అనే పదార్థాలుంటాయి. అంటే ఒక గ్రాములో సుమారు 25 మిల్లీగ్రాములు. మెడికల్ షాపులో దొరికే సునాముఖి బిళ్ళలను పెద్దవాళ్ళకు మామూలుగా రాసే మోతాదు రాత్రికి 15 నుంచి 30 మిల్లీగ్రాములు. కాబట్టి ఒక చెంచా పొడి వేసుకున్నారంటే పూర్తి మోతాదు విరేచనాల మందు వేసుకున్నట్టే. శొంఠి, సోపు రుచికీ, కడుపులో మెలితిప్పు తగ్గడానికీ తోడ్పడతాయి. పొద్దున్నే కనిపించే ఫలితంలో ఎక్కువ భాగం సునాముఖిదే.

అది పనిచేసే తీరు చిత్రంగా ఉంటుంది. సెన్నోసైడ్లు కడుపులో గానీ చిన్నపేగులో గానీ అరగవు. నేరుగా పెద్దపేగుకు చేరతాయి. అక్కడ మన పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టి అసలు మందును విడుదల చేస్తాయి. ఆ మందు పేగు కండరాలను కదిలిస్తుంది, పేగు నీటిని వెనక్కి పీల్చుకోకుండా ఆపుతుంది. ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి వేసుకుంటే పొద్దున పనిచేసేది ఇందుకే. పని జరగలేదని గంటకే మరో చెంచా వేసుకోవడం పొరపాటు. మొదటి చెంచా అప్పటికింకా పెద్దపేగుకే చేరి ఉండదు.

సునాముఖి చెడ్డ మందని నేను అనను. 2023లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘాలు దీర్ఘకాలపు మలబద్ధకం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా దానికి చోటుంది. ఎక్కువకాలం వాడినవాళ్ళకు పెద్దపేగు లోపలి పొర నల్లబడుతుంది గానీ అది హానిచేసే మార్పు కాదు. అయితే తక్కువ మోతాదులో, కొద్దికాలం వాడటానికి ఉద్దేశించిన మందు అది. యూరప్ దేశాల్లో సొంతంగా కొనుక్కునేవాళ్ళకు వారం, రెండు వారాలు దాటి వాడవద్దని చెబుతారు. మన దగ్గర అదే ఆకు పొడిలో కలిసిపోయి, ఏళ్ళ తరబడి, కొలత లేని చెంచాతో కడుపులోకి వెళుతోంది.

పొటాషియం సంగతి

విరేచనంతోపాటు నీళ్ళే కాదు, పొటాషియం కూడా బయటికి పోతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఆల్డోస్టిరాన్ అనే హార్మోను పెరిగి, ఉప్పును పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెబుతుంది. ఉప్పును పట్టి ఉంచే క్రమంలో అవి పొటాషియాన్ని వదిలేస్తాయి. అంటే నష్టం రెండు దారుల్లో జరుగుతుంది.

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. దానికన్నా తగ్గితే కండరాలకు సత్తువ పోతుంది. పిక్కలు పట్టేస్తాయి, కుర్చీలోంచి లేవాలంటే తొడలు సహకరించవు, నీరసంగా ఉంటుంది. 2.5 కన్నా కిందికి పోతే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు రావచ్చు. గుండె బలానికి డిగాక్సిన్ వాడేవాళ్ళకు అంత తగ్గకముందే ప్రమాదం వస్తుంది. పొటాషియం తగ్గిన ఒంట్లో ఆ బిళ్ళ మామూలు మోతాదే విషంలా పనిచేయగలదు.

పేగు గోడలో ఉన్నదీ కండరమే. పొటాషియం తగ్గితే దాని కదలికా మందగిస్తుంది. కడుపు ఉబ్బరిస్తుంది, గ్యాస్ కదలదు, విరేచనం ఆగిపోతుంది. మలబద్ధకానికి వేసుకున్న పొడి వల్ల పొటాషియం పోయింది, పొటాషియం పోయినందువల్ల మలబద్ధకం ముదిరింది. మనిషికి మాత్రం "పాత పొడి ఇప్పుడు పనిచేయడం లేదు" అనిపిస్తుంది. మోతాదు పెరిగేది సరిగ్గా ఇక్కడే.

అతిమధురం చేసే పని

ఈ చిక్కుముడిని బిగించే మరో దినుసు అతిమధురం. కడుపులో మంటకూ, పుల్లటి తేన్పులకూ అతిమధురం పొడి, అతిమధురం కలిసిన సిరప్పులు విరివిగా అమ్ముడవుతున్నాయి. దాని మేలూ కీడూ ఒకేసారి బయటపడిన చరిత్ర ఒకటుంది. 1940లలో రేవర్స్ అనే నెదర్లాండ్స్ డాక్టరు కడుపులో పుండ్లున్న రోగులకు అతిమధురం సారం ఇచ్చి చూశాడు. పుండ్లు తగ్గుముఖం పట్టాయి. కానీ అయిదుగురిలో ఒకరికి ముఖం, కాళ్ళు వాచాయి. ఆ వాపు ఎందుకో తెలుసుకునే ప్రయత్నం తర్వాతి దశాబ్దాల్లో పెద్ద పరిశోధనగా మారింది.

కారణం గ్లిసిరైజిన్, అంటే అతిమధురానికి ఆ తీపినిచ్చే పదార్థం. మన రక్తంలో ఆల్డోస్టిరాన్ కన్నా కార్టిసాల్ అనే హార్మోను ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆల్డోస్టిరాన్ కూర్చోవలసిన పీటల మీద కార్టిసాల్ కూడా కూర్చోగలదు. అలా జరగకుండా మూత్రపిండంలోని ఒక ఎంజైము గుమ్మం దగ్గర కాపలావాడిలా నిలబడి, వచ్చిన కార్టిసాల్‌ను వచ్చినట్టే పనిచేయని రూపంలోకి మార్చేస్తుంటుంది. అతిమధురం ఆ ఎంజైమును ఆపేస్తుంది. అప్పుడు కార్టిసాల్ లోపలికి వెళ్ళి ఆల్డోస్టిరాన్ చేసే పనంతా తానే చేస్తుంది. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది.

ఎంత తింటే ఇలా జరుగుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ దాటకుండా ఉండటం మంచిదని యూరప్ ఆహార నిపుణుల సలహా. మంచి వేరులో నూటికి నాలుగు వంతులైనా గ్లిసిరైజిన్ ఉంటుంది. కాబట్టి 3 గ్రాముల పొడితోనే 120 మిల్లీగ్రాములు చేరుతుంది. గొంతు గరగరకు రెండు రోజులు ఒక ముక్క చప్పరిస్తే ఏమీ కాదు. రోజూ చెంచాడు చొప్పున నెలల తరబడి తీసుకుంటే, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు, ఈ లెక్క పట్టించుకోవాలి. ఆపేశాక కూడా ఎంజైము కోలుకోవడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు.

ఒక పెద్దాయన లెక్క

ఇవన్నీ ఒకే ఒంట్లో ఎలా కలుస్తాయో చూడటానికి ఒక మనిషిని ఊహించుకుందాం. అరవై ఎనిమిదేళ్ళ పెద్దాయన. బీపీకి ఒక బిళ్ళ వాడుతున్నాడు. విరేచనం సరిగా కావడం లేదని రాత్రిపూట ఒక చెంచా పంచసకార చూర్ణం మొదలుపెట్టాడు. కొన్ని నెలలకు ఒక చెంచా చాలక మూడయ్యాయి. మధ్యలో కడుపులో మంట అంటే తెలిసినవాళ్ళెవరో చెప్పారని పొద్దున్నే చెంచాడు అతిమధురం పొడి పాలలో కలుపుకుని తాగుతున్నాడు.

మూడు చెంచాలంటే 15 గ్రాములు. అందులో మూడు గ్రాముల సునాముఖి, సుమారు 75 మిల్లీగ్రాముల సెన్నోసైడ్లు. మామూలు మోతాదుకు కనీసం రెండున్నర రెట్లు. వాటితోపాటు మూడు గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈయన కూరలో ఉప్పు తగ్గించి, పచ్చడి మానేసి, ఆ కోటాలో సగానికి పైగా పొడి రూపంలో తాగేస్తున్నాడు. సైంధవ లవణం కదా అంటారు. దానిలోనూ ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే. బీపీకి ఆ తేడా తెలియదు.

ఉప్పు వల్ల కొంత, అతిమధురం వల్ల కొంత బీపీ పెరిగింది. తర్వాతిసారి చూపించుకున్నప్పుడు 160 మీద 95 ఉంది. పొడుల సంగతి డాక్టరుకు తెలియదు కాబట్టి, ఉన్న బిళ్ళ చాలడం లేదనుకుని మూత్రం ఎక్కువగా పోయించే రకం బిళ్ళ ఒకటి చేర్చాడు. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఈ రకానివి. మన దేశంలో చాలా బీపీ బిళ్ళల్లో రెండో మందుగా ఇవి కలిసే వస్తాయి. డాక్టరు చేసినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఈ మందులు కూడా పొటాషియాన్ని మూత్రంలో పంపిస్తాయి. ఇప్పుడు పొటాషియం పేగు నుంచి ఒక దారిలో, అతిమధురం వల్ల ఇంకో దారిలో, బిళ్ళ వల్ల మూడో దారిలో పోతోంది.

కొన్ని వారాలకు పెద్దాయనకు రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. మెట్లెక్కలేకపోతున్నాడు. కడుపు ఉబ్బరం, మలబద్ధకం మొదటికన్నా ఎక్కువయ్యాయి. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు, ఆయన నాలుగో చెంచా గురించి ఆలోచిస్తుంటాడు. ఈ దశలో రక్తపరీక్ష చేస్తే పొటాషియం 2.9 రావచ్చు. ఈసీజీలో గీతలు మారి ఉండవచ్చు. అప్పుడైనా ఎవరో ఒకరు పొడి డబ్బాలు తెచ్చి బల్ల మీద పెడితే కథ మలుపు తిరుగుతుంది. అతిమధురం ఆపుతారు, చూర్ణం తగ్గిస్తూ మాన్పిస్తారు, మూత్రం బిళ్ళ మారుస్తారు, కొన్నాళ్ళు పొటాషియం సిరప్ ఇచ్చి మళ్ళీ పరీక్ష చేస్తారు. పొడిలోని ఉప్పు, అతిమధురం పోయాక రెండో బీపీ మందే అక్కర్లేకపోవచ్చు కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొటాషియం తగ్గిందని విని సొంతంగా కొబ్బరినీళ్ళూ అరటిపళ్ళతో నింపేద్దామనుకోకూడదు. ఇంతగా తగ్గినప్పుడు అవి చాలవు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకైతే పొటాషియం హద్దు దాటి పెరగడం తగ్గడం కన్నా ప్రమాదం.

మిగతా డబ్బాలు, సీసాలు

ఈ లెక్క అర్థమైతే మరే డబ్బానైనా ఇలాగే చదవవచ్చు. కడుపులో మంటకు వాడే అవిపత్తికర చూర్ణాన్నే చూడండి. సంప్రదాయ పాళ్ళ ప్రకారం అందులో సగం పంచదార, మూడో వంతు తెల్లతెగడ వేరు. తెల్లతెగడ విరేచనకారి. మంటకు మందనుకుని రోజూ వేసుకుంటూ, రాత్రి మలబద్ధకానికి ఇంకో పొడి వేసుకునేవాళ్ళు రెండు విరేచనాల మందులు వాడుతున్నారు. షుగరు ఉన్నవాళ్ళకు ఆ సగం పంచదార గురించి చెప్పేవాళ్ళే ఉండరు. అజీర్తికి వాడే లవణభాస్కర చూర్ణంలో రకరకాల ఉప్పులే మూడో వంతుకు పైన ఉంటాయి. బీపీ, గుండె నీరసం, కాళ్ళ వాపు ఉన్నవాళ్ళు దాని పేరు చూసే ఆగాలి. గర్భిణులు సునాముఖి, తెల్లతెగడ ఉన్న పొడులను డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. చిన్నపిల్లలకూ ఇదే మాట.

సిరప్పుల్లో చూడాల్సినవి వేరు. అభయారిష్టం, ద్రాక్షాసవం వంటి అరిష్టాలు, ఆసవాలు బెల్లం వేసి పులియబెట్టినవి. పులిసేటప్పుడు వాటిలో సారాయి తయారవుతుంది. నూటికి అయిదు నుంచి పది వంతుల దాకా ఉండవచ్చు, ఆ సంగతి సీసా మీద రాస్తారు కూడా. రోజుకు 60 మిల్లీలీటర్లు తాగితే 6 మిల్లీలీటర్ల దాకా సారాయి లోపలికి పోతుంది. పెద్దవాళ్ళలో చాలామందికి దానివల్ల ఏమీ కాకపోవచ్చు. కాలేయం జబ్బున్నవాళ్ళు, తాగుడు మానిన మనిషి, విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడుతున్న మనిషి, పిల్లలు వీటికి దూరంగా ఉండాలి. పంచదార లేని సిరప్పుల్లో తీపికి సార్బిటాల్ వేస్తారు. అది కొందరికి కడుపు ఉబ్బరం, గ్యాస్ తెస్తుంది. గ్యాస్ తగ్గడానికి తాగే సిరప్పే గ్యాస్ తెచ్చిపెడుతుంది.

మిరియాలు, పిప్పళ్ళు చాలా జీర్ణపు పొడుల్లో ఉంటాయి. వాటిలోని పైపెరిన్ కొన్ని మందులను పేగు ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మోతాదును 450 నుంచి 200 మిల్లీగ్రాములకు తగ్గించి, దానికి 10 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపిన గుళిక మన దేశంలోనే తయారైంది. చారులో మిరియాలు మానేయనక్కర్లేదు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం పిప్పళ్ళ పొడి రోజూ మొదలుపెట్టే ముందు తమ డాక్టరుకు ఒక మాట చెప్పాలి.

ఎక్కడ కొనాలి

ఇప్పటిదాకా చెప్పుకున్నది డబ్బాలో ఉండాల్సినవి ఉన్నప్పటి సంగతి. ఉండకూడనివి ఉండటం మరో సమస్య. వాటిలో ముఖ్యమైనది సీసం. సీసం ఒంట్లో పేరుకుంటే మొదట కనిపించే లక్షణాల్లో కడుపునొప్పి, మలబద్ధకం ఉంటాయి. ఇక్కడా అదే చిక్కుముడి. సీసం కలిసిన పొడి వాడే మనిషికి కడుపు మరింత బిగుసుకుంటుంది, అతను ఆ పొడినే ఇంకాస్త వేసుకుంటాడు.

అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల భారతీయ సరుకుల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించిందని 2004లో ఒక పరిశోధన బయటపెట్టింది. అదే బృందం ఇంటర్నెట్‌లో కొన్న 193 ఉత్పత్తులను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించింది. అప్పుడూ అయిదింట ఒకటి అలాగే తేలింది. భారతదేశంలో తయారైనవాటికీ అమెరికాలో తయారైనవాటికీ పెద్ద తేడా లేదు. సూట్‌కేసులో పొడి పొట్లాలు పట్టుకెళ్ళే మన అమ్మానాన్నలు, వాటిని అక్కడ వాడే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. అక్కడి డాక్టరు కడుపునొప్పికి కారణం వెతుకుతున్నప్పుడు, ఇండియా నుంచి వచ్చిన పొడి అని ఒక్క మాట చెబితే రక్తంలో సీసం పరీక్ష రాయడానికి అతనికి దారి దొరుకుతుంది.

సీసం ఉన్నదీ లేనిదీ రంగును బట్టో రుచిని బట్టో ఇంట్లో కనిపెట్టే ఉపాయం లేదు. మన చేతిలో ఉన్నది కొనే చోటును, చీటీని చూసుకోవడమే. మన దేశపు ఔషధ చట్టం ప్రకారం ఆయుర్వేద మందు డబ్బా మీద దినుసుల పేర్లు, వాటి పరిమాణాలు, తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిదాకా వాడవచ్చన్నది ఉండాలి. విషముష్టి, వత్సనాభి వంటి ఘాటు దినుసులున్న మందుల మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక కూడా ఉండాలి. అజీర్తికి వాడే అగ్నితుండి వటిలో విషముష్టి ఉంటుందని చాలామందికి తెలియదు. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు మాత్రమే ఉంటే ఆ డబ్బా ఆహారంగా అమ్ముతున్నదే, మందుగా లైసెన్సు పొందింది కాదు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన లోపల సీసం లేదని హామీ ఏమీ లేదు. ఏదైనా జరిగితే ఎవరు తయారు చేశారో, ఏ బ్యాచో పట్టుకోవడానికి మాత్రం ఆధారం ఉంటుంది. జాతరలో, బస్టాండులో, ఇంటి గుమ్మం ముందు పొట్లం కట్టి ఇచ్చే పొడికి ఆ ఆధారమూ లేదు. దానిలో ఏముందో తెలియకపోతే, కొన్నవాళ్ళు ఆసుపత్రి పాలైనా వైద్యం చేసేవాళ్ళకు మొదలుపెట్టే చోటు దొరకదు. "రహస్య దినుసు" అని చెప్పే ఏ పొడినీ కొనవద్దన్నది నా గట్టి అభిప్రాయం. దినుసులు తెలిసిన పొడి కావాలంటే ఆయుర్వేద వైద్యుడి చీటీతో, పరీక్షించిన బ్యాచ్‌లు అమ్మే మందుల షాపులో కొనడం మేలు. వాము, సోపు, జీలకర్ర, శొంఠి లాంటివి పచారీ కొట్లో విడిగా కొని ఇంట్లో దంచుకుంటే ఇంకా మంచిది. అందులో ఏముందో మీకే తెలుస్తుంది, ఉప్పు వేయాలా వద్దా అన్నదీ మీ చేతిలోనే ఉంటుంది.

డాక్టరుకు చెప్పేటప్పుడు

చాలామంది తిడతారేమోనని చెప్పరు. కొందరు డాక్టర్లు నిజంగానే విసుక్కుంటారు, ఆ తప్పు వాళ్ళది. అయినా చెప్పాలి. "ఏదో ఆయుర్వేదం పొడి" అంటే డాక్టరుకు ఉపయోగం లేదు. డబ్బా పట్టుకెళ్ళండి, లేదా దినుసుల పట్టిక ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. ఎన్ని చెంచాలు, ఏ వేళ, ఎన్ని నెలలుగా, మధ్యలో పెంచారా అన్నవి చెప్పండి. సునాముఖి గానీ అతిమధురం గానీ రోజూ వాడుతున్నారని తెలిస్తే పొటాషియం, సోడియం, క్రియాటినిన్ పరీక్షలు రాయడం డాక్టరుకు నిమిషం పని. ఆపరేషనుకు ముందు మత్తు ఇచ్చే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. పొటాషియం తగ్గిన మనిషికి మత్తిచ్చే వేళ గుండె లయ తప్పే ప్రమాదముంది.

చెప్పడం వల్ల మరో లాభముంది. మలబద్ధకం తెచ్చినది మీ బిళ్ళల్లోనే ఒకటి కావచ్చు. ఐరన్ బిళ్ళలు, వెరాపమిల్ వంటి బీపీ మందులు, కొన్ని నొప్పి మందులు పేగును మందగింపజేస్తాయి. ఆ బిళ్ళ మారిస్తే పొడి అవసరమే తీరిపోవచ్చు. ఏళ్ళుగా సునాముఖి వాడినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే కొన్ని రోజులు విరేచనం ఆగిపోయినట్టు అనిపిస్తుంది. అందుకని డాక్టరు సలహాతో చెంచా తగ్గించుకుంటూ, ఇసబ్‌గోల్ లాంటి పీచు పెంచుకుంటూ రావాలి. ఇసబ్‌గోల్‌ను నిండు గ్లాసు నీళ్ళతోనే తాగాలి, మిగతా బిళ్ళలకు కనీసం రెండు గంటలు ఎడం ఉంచాలి. లేకపోతే అది బిళ్ళలను పేగు పీల్చుకోకుండా పట్టేస్తుంది.

కొన్నిసార్లు పొడి జోలికే పోకూడదు. తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, గ్యాస్ కూడా బయటికి పోకపోవడం కలిసి వస్తే అది పేగు అడ్డుపడటం కావచ్చు. అప్పుడు విరేచనాల మందు వేసుకుంటే ప్రమాదం. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం ఉంటే పెద్దపేగు క్యాన్సరు కాదని తేల్చుకునేదాకా ఏ పొడితోనూ రోజులు గడపకూడదు.

పొడి వల్ల ఇబ్బంది వచ్చిందని అనుమానం ఉంటే డబ్బా పారేయవద్దు. మిగిలిన పొడితో సహా దాచండి. ఆయుర్వేద మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి ఆయుష్ శాఖ 2018 నుంచి దేశమంతటా కేంద్రాలు నడుపుతోంది. ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ వాటికి జాతీయ కేంద్రం. రోగులు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదులో అడిగే మొదటి వివరాలు మందు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు.